సెన్సర్లు మొరాయించి డెలివరీ రోబో పైలట్ ఆలస్యమైతే క్లయింట్‌కి మెయిల్ ఎలా రాయాలి: సమగ్ర మార్గదర్శి

రోబోటిక్స్ స్టార్టప్‌లలో పనిచేసే ఇంజనీర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "సెన్సర్లు పాడై పైలట్ వెనకబడింది, క్లయింట్‌కి ఏమని రాయాలి?" వాళ్లు చూపించే డ్రాఫ్టుల్లో భాష బాగానే ఉంటుంది. రాయడానికి ముందు చేయాల్సిన పని మాత్రం జరిగి ఉండదు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ పని గురించే ఉంటుంది. మెయిల్ ఇంగ్లీషులో రాసినా, తెలుగులో రాసినా వరుస మారదు.

అర్థం కావడానికి ఒక ఊహించిన కేసు తీసుకుందాం. కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ. మెయిన్ గేటు పక్కనున్న పార్సిల్ రూమ్ నుంచి బ్లాకుల లాబీల దాకా నాలుగు రోబోలు పార్సిళ్లు మోస్తాయి. క్లయింట్ ఆ కమ్యూనిటీ నిర్వహణ చూసే సంస్థ. మొదటి దశలో ప్రతి రోబో వెంట మన మనిషి నడుస్తాడు. జులై 14 నుంచి రెండో దశ, అంటే తోడు లేకుండా నడపాలి. వానలు మొదలయ్యాక రోబోలు ఖాళీ దారిలోనే ఆగిపోతున్నాయి. 14కి సిద్ధం కాలేమని జులై 10 నాటికి తేలిపోయింది.

## 1. ముందు ఆగిన సందర్భాలను విడదీయండి

"సెన్సర్ ప్రాబ్లమ్ వల్ల రోబోలు ఆగుతున్నాయి" అని రాసే ముందు, ఆగిన ప్రతిసారీ కారణం సెన్సరేనా అన్నది చూడాలి. రోబో చాలా కారణాలకు ఆగుతుంది. ఎదురుగా నిజంగానే స్కూటీ ఉండొచ్చు. రెండు బ్లాకుల మధ్య నెట్‌వర్క్ పోయి ఉండొచ్చు. పిల్లలెవరో ఎర్ర బటన్ నొక్కి ఉండొచ్చు. అన్నీ కలిపి ఒకే అంకె చెబితే, సెన్సర్ బాగుపడ్డాక కూడా ఆ అంకె సున్నా కాదు. అప్పుడు క్లయింట్ "బాగైందన్నారుగా?" అని అడిగితే జవాబుండదు.

మన కేసులో జూన్ 23 నుంచి జులై 9 వరకు రోబోలు 58 సార్లు ఆగాయి అనుకుందాం. లాగ్, వీడియో పక్కపక్కన పెట్టి చూస్తే 19 సార్లు నిజంగానే అడ్డం ఉంది, అంటే రోబో సరిగ్గానే పనిచేసింది. ఆరుసార్లు నెట్‌వర్క్ పోయింది. రెండుసార్లు ఎవరో బటన్ నొక్కారు. మిగిలిన 31 సార్లు దారి ఖాళీ. మెయిల్‌లోకి వెళ్లాల్సింది ఈ 31.

నిజమైన అడ్డాన్నీ సెన్సర్ భ్రమనూ వేరుచేయడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. ఆగడానికి ముందు ఐదారు సెకన్ల స్కాన్‌ను మళ్లీ నడిపి చూడండి.

```
ros2 bag play stop_0707_0712 --topics /scan
```

ఎదురుగా నిజంగా వస్తువుంటే, రోబో కదిలేకొద్దీ దాని దూరం, కోణం మారుతుంటాయి. కాంతితో దూరం కొలిచే లైడార్ సెన్సర్ ముందున్న కవర్ మీద తేమో మరకో ఉంటే ఆ చుక్కలు రోబోతో పాటే కదులుతాయి. అంటే రోబో ఎంత ముందుకెళ్లినా అదే కోణంలో, అదే పదిహేను ఇరవై సెంటీమీటర్ల దూరంలో అతుక్కుని కనిపిస్తాయి. దాన్ని బట్టే ఆ అడ్డం దారిలో లేదనీ, రోబో మీదే ఉందనీ తెలుస్తుంది.

తర్వాత ఆ 31 సందర్భాలను గంటల వారీగా, రోబోల వారీగా పేర్చండి. మన కేసులో 26 ఉదయం ఎనిమిదిన్నర లోపే జరిగాయి. 27 సార్లు ఆగినవి 2వ, 4వ నంబర్ రోబోలే. ఆ రెండూ రాత్రి ఛార్జింగ్ షెడ్డులో బయటి అంచున నిలబడేవి. ఇక్కడికి వచ్చేసరికి సగం కారణం దొరికినట్టే.

## 2. తెలిసింది, అనుమానం, తేలనిది: మూడుగా రాసుకోండి

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక గడిలో పెట్టాకే మెయిల్‌లోకి తీసుకోండి. ఆలస్యం మెయిళ్లు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే, అనుమానాన్ని తెలిసినదిగా రాసేయడం వల్ల. "లైడార్ డిఫెక్టివ్, సప్లయర్‌తో మాట్లాడుతున్నాం" అని రాసి, వారానికి తప్పు మన కవర్‌దే అని తేలితే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ కారణాన్నీ క్లయింట్ నమ్మరు.

అనుమానాన్ని మొదటి గడిలోకి తేవడానికి మార్చి చూసే పరీక్ష చాలా సాయపడుతుంది. ఆగుతున్న 2వ రోబోలోని లైడార్‌ను బాగున్న 1వ రోబోలో, దాని లైడార్‌ను దీనిలో పెట్టండి. రోబోలను రాత్రి ఎప్పటి చోటే నిలపండి. మూడు నాలుగు ఉదయాలు చూడండి. సమస్య లైడార్ వెంట 1వ రోబోకి వెళ్తే తప్పు లైడార్‌ది. 2వ రోబోలోనే ఉండిపోతే లైడార్ నిర్దోషి, తప్పు కవర్‌దో అది నిలబడే చోటుదో. మన కేసులో సమస్య కదల్లేదు.

ఇక కవర్‌ను దగ్గరగా చూడాలి. పొద్దున్నే టార్చిలైటు ఏటవాలుగా వేస్తే పాలీకార్బొనేట్ కిటికీ మీద సన్నటి తేమ పొర కనిపిస్తుంది. బయట గుడ్డతో తుడిచినా అది పోదు. కవర్ విప్పి లోపల తుడిస్తే పోతుంది, చుక్కలూ మాయమవుతాయి. అంటే తేమ లోపలే ఉంది.

అది లోపలికి ఇలా వస్తుండవచ్చు, ఇది ఇంకా అనుమానం గడిలోదే. పగలంతా నడిచి వేడెక్కిన సెన్సర్ పెట్టె రాత్రి చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి, కేబుల్ దూరే గ్లాండ్ చుట్టూ ఉన్న సన్నని సందులోంచి బయటి తడిగాలిని లోపలికి పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఆ తేమ కిటికీ లోపలి వైపు పేరుకుంటుంది. లైడార్ పంపే కంటికి కనబడని పరారుణ కాంతి ఆ బిందువులకు తగిలి అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. రోబో దాన్ని అడ్డం అనుకుంటుంది. అరగంటో ముప్పావు గంటో నడిచాక పెట్టె మళ్లీ వేడెక్కి పొర ఆరిపోతుంది. మధ్యాహ్నం డెమోకి వచ్చినవాళ్లకి అంతా బాగానే కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో జాగ్రత్త. డేటాషీట్‌లో లైడార్‌కి దుమ్ము, నీటి నుంచి రక్షణ చెప్పే ఐపీ67 రేటింగ్ ఉన్నంత మాత్రాన మీ రోబో తలకాయ మొత్తానికి ఐపీ67 ఉన్నట్టు కాదు. ఆ రేటింగ్ పరీక్షించిన భాగానికే వర్తిస్తుంది. మీరు కట్టిన పెట్టెకి మీరు వేసిన రంధ్రం సంగతి అందులో ఉండదు. మెయిల్‌లో ఆ మాట వాడకండి.

## 3. భద్రత ప్రశ్నకి జవాబు ముందే సిద్ధం చేసుకోండి

ఈ విషయం వదిలేస్తే మిగతా మెయిల్ ఎంత బాగున్నా లాభం లేదు. రోబోలు ఊరికే ఆగిపోతున్నాయని చదివిన క్లయింట్ మనసులో వెంటనే వచ్చే ప్రశ్న ఆలస్యం గురించి కాదు. "లేనిది కనిపిస్తోందంటే, ఉన్నది కనిపించకుండా పోతుందా? అక్కడ పిల్లలు ఆడుకుంటారు కదా?" అని.

"లేదు మేడమ్, రోబో ఆగడమే కదా, సేఫే" అని చెప్పడం తొందరపాటు. తేమ పొర దగ్గరి భ్రమలను పుట్టించడమే కాదు, దూరం వెళ్లే కాంతిని బలహీనపరుస్తుంది కూడా. నల్ల ప్యాంటు వేసుకున్న మనిషి లాంటి, కాంతిని తక్కువగా వెనక్కి పంపే వస్తువు ఆలస్యంగా కనిపించవచ్చు. కాబట్టి కొలిచి చెప్పాలి.

కొలవడం కష్టమేం కాదు. అట్టకు నల్ల గుడ్డ చుట్టి మనిషి మోకాలి ఎత్తులో నిలబెట్టండి. పొడి కవర్‌తో ఒకసారి, పొద్దున తేమ పట్టిన కవర్‌తో ఒకసారి, అది ఎంత దూరం నుంచి నిలకడగా కనిపిస్తుందో చూడండి. మన కేసులో పొడిగా ఉన్నప్పుడు 8 మీటర్లు, తేమతో మూడున్నర మీటర్లు వచ్చింది అనుకుందాం.

ఇప్పుడు ఆగే దూరం లెక్కేయాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 1.4 మీటర్లు. గుర్తించి బ్రేకు వేయడానికి 0.3 సెకను, తర్వాత సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం తగ్గితే, మొత్తం సుమారు 1.4 మీటర్లలో ఆగుతుంది. అదే 3 కిలోమీటర్ల వేగంలో అయితే 60 సెంటీమీటర్లు చాలు. మూడున్నర మీటర్లు సరిపోతాయి కానీ, పరుగెత్తుకుంటూ ఎదురొచ్చే పిల్లవాడిని తలుచుకుంటే వెసులుబాటు బాగా తగ్గిపోయింది. కాబట్టి తేమ ఉండే గంటల్లో నడపకూడదు, మిగతా గంటల్లో వేగం తగ్గించాలి. మెయిల్‌లోకి లెక్కంతా అక్కర్లేదు, ఈ నిర్ణయం వెళ్తే చాలు.

## 4. తేదీని వెనక నుంచి కట్టండి

"రెండు వారాల్లో అయిపోతుంది" అనేది ఆశ మాత్రమే. పనులను వరుసగా రాసి, ప్రతిదాని ముగింపు దగ్గర ఏం చూసి ముందుకు వెళ్తారో రాసుకోండి.

మన కేసులో చేయాల్సినవి రెండు మార్పులు. గ్లాండ్‌కి కొత్త సీల్, పెట్టెకి ఒక బ్రీతర్ వెంట్. ఈ వెంట్‌లోని పొర గాలిని అటూ ఇటూ పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. దానివల్ల చల్లబడేటప్పుడు సందుల్లోంచి తడిని పీల్చే ఒత్తిడి తేడా ఏర్పడదు. నీటి ఆవిరిని మాత్రం ఈ పొర పూర్తిగా ఆపలేదు, కాబట్టి లోపల సిలికా జెల్ సంచీ కూడా పెట్టాలి. సీళ్లు రాణిగంజ్‌లో ఒక్క పూటలో దొరకొచ్చు. వెంట్‌లు మాత్రం ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి, జులై 19కి వస్తాయని అనుకుందాం.

20, 21 బోనాలు, వర్క్‌షాప్ ఉండదు. 22, 23 నాలుగు రోబోలకూ బిగించడం. 24, 25, 26 రాత్రులు పరీక్ష: వేడెక్కిన రోబో మీద నీళ్లు చల్లి, ఆపేసి, తెల్లవారాక నల్ల గుడ్డ పరీక్ష. 28 నుంచి వారం పాటు కమ్యూనిటీలో మనిషి తోడుతో నడపడం. ఆ వారం ఉదయాల్లో ఒక్క భ్రమ కూడా రాకపోతే ఆగస్టు 4 సోమవారం రెండో దశ.

సెలవులు లెక్కలోకి తీసుకోవడం మరిచిపోయే డ్రాఫ్టులు చాలా చూశాను. వెంట్ పొద్దున వస్తే సాయంత్రానికి అన్నీ అయిపోతాయనుకోవడం కూడా మామూలే. బిగించడం చిన్న పనే. రాత్రి చల్లబడి పొద్దున చూడాల్సిన పరీక్షను మాత్రం ఎవరూ తొందరపెట్టలేరు.

## 5. మెయిల్ కంటే ముందు ఫోన్

చెడు కబురు మొదట మెయిల్‌లో వెళ్లకూడదు. పైలట్ చూసే వ్యక్తికి ఫోన్ చేసి రెండు మూడు నిమిషాల్లో చెప్పండి: ఏం ఆలస్యం, కొత్త తేదీ, భద్రతకి ఏం చేస్తున్నాం. గంటలోపు మెయిల్ పంపండి. గడువు దాటాక కాదు, దాటుతుందని తేలిన రోజే లేదా మర్నాడే. మన కేసులో జులై 11, శుక్రవారం ఉదయం.

సీసీలో మీ ఫౌండర్, క్లయింట్ వైపు సైట్ మేనేజర్ చాలు. రెసిడెంట్స్ అసోసియేషన్ వాళ్లను మీ అంతట మీరు చేర్చకండి. వాళ్లకి ఎలా చెప్పాలన్నది క్లయింట్ నిర్ణయం.

బిల్లింగ్, పెనాల్టీ సంగతులు ఇంజనీర్ రాసే మెయిల్‌లో ఉండకూడదు. ఎవరు మాట్లాడతారో ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది.

## 6. మెయిల్ ఇలా ఉంటుంది

> సబ్జెక్ట్: రోబో పైలట్ రెండో దశ జులై 14 నుంచి ఆగస్టు 4కి మార్పు, కారణం సెన్సర్ కవర్‌లో తేమ
>
> నమస్కారం మేడమ్,
>
> ఇందాక ఫోన్‌లో చెప్పిన విషయం వివరంగా రాస్తున్నాను.
>
> జులై 14న మొదలుకావాల్సిన రెండో దశను ఆగస్టు 4కి మార్చాల్సి వస్తోంది. రోబో ముందుండే లైడార్ సెన్సర్ కవర్ లోపల ఉదయం పూట తేమ పడుతోంది. అందువల్ల దారి ఖాళీగా ఉన్నా రోబో ఆగిపోతోంది. ఆ కవర్ మేం తయారుచేసిందే, లోపం మా వైపుది. ఇబ్బందికి క్షమించండి.
>
> భద్రత: ఇప్పటివరకు ఏ రోబో ఎవరికీ తగల్లేదు. అయితే తేమ ఉన్నప్పుడు నల్లటి వస్తువులు మామూలు కంటే దగ్గరికి వచ్చాకే సెన్సర్‌కి కనిపిస్తున్నాయని మా పరీక్షలో తేలింది. అందుకే ఈరోజు నుంచి నీటి పరీక్ష పూర్తయ్యేదాకా ఉదయం 9 లోపు, వాన పడుతున్నప్పుడు రోబోలు నడపం. మిగతా సమయంలో గంటకు 3 కిలోమీటర్ల వేగం దాటకుండా, మా మనిషి తోడుతోనే నడుపుతాం.
>
> డెలివరీలు: 9 లోపు వచ్చే పార్సిళ్లను మా మనిషి ట్రాలీలో లాబీలకు చేరుస్తారు. మీ గార్డులకు అదనపు పని ఉండదు.
>
> తెలిసింది: జూన్ 23 నుంచి జులై 9 వరకు రోబోలు అకారణంగా 31 సార్లు ఆగాయి. వాటిలో 26 ఉదయం ఎనిమిదిన్నర లోపే. సెన్సర్లను ఒక రోబో నుంచి మరో రోబోకి మార్చి చూశాం, సెన్సర్లు బాగున్నాయి.
>
> అనుమానం: కేబుల్ దూరే చోట సీల్ సరిపోక రాత్రి తడిగాలి లోపలికి వెళ్తోంది.
>
> ఇంకా తేలనిది: షెడ్డు లోపలి వైపు నిలిపే 1, 3 రోబోల్లో ఈ సమస్య తక్కువగా ఉండటానికి నిలిపే చోటు ఒక్కటే కారణమా అన్నది. జులై 18కి చెప్పగలం.
>
> చేయబోయేది: జులై 22, 23 నాలుగు రోబోలకూ కొత్త సీల్, వెంట్. 24 నుంచి 26 వరకు రాత్రి నీటి పరీక్ష. 28 నుంచి ఆగస్టు 3 వరకు మీ దగ్గర మనిషి తోడుతో. ఆ వారంలో ఉదయం ఒక్కసారి కూడా అకారణంగా ఆగకపోతేనే ఆగస్టు 4న రెండో దశ. నీటి పరీక్షలో తేడా వస్తే జులై 28 ఉదయమే మీకు ఫోన్ చేస్తాను.
>
> మీ నుంచి కావలసింది: ఈ రాత్రి నుంచి 2, 4 రోబోలను సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్ పాయింట్. ఈ సాయంత్రం 4 లోపు చెబితే ఏర్పాటు చేసుకుంటాం.
>
> ప్రతి శుక్రవారం సాయంత్రం 5కి పరిస్థితి రాస్తాను. పైలట్ గడువు, బిల్లింగ్ గురించి మా ఫౌండర్ సోమవారం మీతో మాట్లాడతారు.

ఈ మెయిల్‌లో క్షమాపణ ఒక్కసారే ఉంది. మళ్లీ మళ్లీ సారీ చెబితే చదివేవాళ్లకి టెన్షన్ పెరుగుతుంది, సమాచారం పెరగదు. ప్లగ్ పాయింట్ అడగడం కూడా ఊరికే కాదు. ఒకవైపు చోటు మార్పుతో తేడా వస్తుందో లేదో తెలుస్తుంది, ఇంకోవైపు క్లయింట్ చేయగలిగిన పని స్పష్టంగా, గడువుతో ఉంటుంది.

## 7. తరచూ దొర్లే తప్పులు, దిద్దుబాట్లు

"కొన్ని టెక్నికల్ ఇష్యూస్ వల్ల." చదివినవాళ్లకి ఏమీ తెలియదు, ఏదో దాస్తున్నారనిపిస్తుంది. "సెన్సర్ కవర్ లోపల తేమ" అంత సూటిగా రాయండి.

"వాతావరణం వల్ల." హైదరాబాద్‌లో జులైలో వాన పడటం ఎవరికీ కొత్త కాదు. వానను కారణంగా చూపితే, వానాకాలంలో పైలట్ పెట్టుకుని దానికి సిద్ధం కాలేదని మీరే రాసిచ్చినట్టు. వాన సందర్భం, కవర్‌లోకి తేమ చేరడం కారణం.

"సమస్య 90 శాతం పరిష్కారమైంది." బిగించడం అయ్యాక, పరీక్షకి ముందు ఈ వాక్యం రాయాలనిపిస్తుంది. "నాలుగింటికీ సీల్ మార్చాం, పరీక్ష ఇంకా మొదలవలేదు" అని రాయండి.

లాగ్ ఫైల్ మొత్తం జతచేయడం. క్లయింట్ తెరవరు, తెరిచినా అర్థం కాదు. తేమ పట్టిన కవర్ ఫోటో ఒకటి, రోజువారీగా ఎన్నిసార్లు ఆగిందో చూపే ఒక పేజీ పట్టిక చాలు. ఫోటోలో నివాసితుల ముఖాలు, బండి నంబర్లు పడకుండా చూసుకోండి.

## 8. సెండ్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

- సబ్జెక్ట్‌లో పాత తేదీ, కొత్త తేదీ రెండూ ఉన్నాయా?
- మొదటి ఐదు వాక్యాల్లో ఆలస్యం, కారణం, ఎవరి లోపం అన్నవి వచ్చాయా?
- భద్రత గురించి రాసిన ప్రతి మాటకీ కొలిచిన ఆధారం ఉందా?
- అనుమానాలేవైనా "తెలిసింది" కింద ఉండిపోయాయా?
- తేదీ ఏ పరీక్ష మీద ఆధారపడిందో రాశారా?
- అడిగింది ఒక్కటేనా, దానికి గడువుందా?
- ఉదయం నడపమని రాసిన గంటల్లో రోబోలు బయటకు రాకుండా షెడ్యూలర్‌లో నిజంగా ఆపేశారా?

చివరిదాన్ని ఎప్పుడూ వదలకండి. మెయిల్ వెళ్లిన మర్నాడు ఏడింటికి రోబో ఒకటి దారిలో కనిపిస్తే సైట్ మేనేజర్ ఫోటో తీసి పంపుతారు.

## 9. పంపిన తర్వాత

శుక్రవారం మెయిల్‌ను కొత్త సంగతేమీ లేకపోయినా పంపండి. "వెంట్‌లు ఇంకా రాలేదు, రేపు వస్తాయని కొరియర్ చెప్పారు, ఆగస్టు 4లో మార్పు లేదు" అన్నా చాలు. నాలుగైదు వాక్యాలు దాటనక్కర్లేదు.

తేదీ మళ్లీ జరగాల్సి వస్తే, ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పి అక్కడి నుంచి మాత్రమే లెక్క మార్చండి. బిగించడం మూడు రోజులు ఆలస్యమైతే తర్వాతి మెట్లన్నీ మూడు రోజులు వెనక్కి జరుగుతాయి, ఆగస్టు 4 కాస్తా 7 అవుతుంది. ఆ మూడు రోజులను పూడ్చడానికి తోడుతో నడిపే వారాన్ని నాలుగు రోజులకు కుదించమని ఆఫీసులో ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకండి. వరసగా వాన పడని నాలుగు ఉదయాలు వస్తే సీల్ పనిచేసిందో లేదో ఏమీ తెలియదు. ఆ వారంలో ఒక్క తడి రాత్రి కూడా రాకపోతే, నీళ్లు చల్లే పరీక్షను కమ్యూనిటీలోనే ఇంకో రెండు రాత్రులు చేసి, ఆ ఫలితాన్ని శుక్రవారం మెయిల్‌లో రాయండి.